పచ్చలైటు ఆరిన పాలకేంద్రం

కమలాక్షి పుట్టింది కుప్పంలో. నాన్న రైలు పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్. ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, సంతలో కన్నడం వింటూ పెరిగిన పిల్ల కావడంతో ఆమె నోటికి ఎదురు చెప్పేవాళ్ళు తక్కువ. ఇంటర్ పూర్తయిన మరుసటి ఏడే పెళ్ళి చేసి, పుంగనూరు దాటాక సదుం దారిలో వచ్చే చింతమాకులపల్లెకు పంపించారు. భర్త రమణ పాలవ్యాను డ్రైవరు. పల్లెల్లో క్యాన్లు ఎక్కించుకుని మదనపల్లెలో పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటర్లో దించి వస్తాడు. ఇంట్లో ఉంటే నిద్రపోతాడు, మేలుకుంటే నవ్వుతాడు. ఆయన గురించి ఫిర్యాదు చేద్దామని పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా కమలాక్షికి చెప్పడానికి ఏమీ దొరికేది కాదు.

ఊళ్ళో పాలకేంద్రం అంటే రోడ్డు పక్కన ఒక రేకుల గది, ఒక బల్ల, ఒక తూకం. పాలలో వెన్న ఎంత ఉందో చూసి రైతుకు ధర కడతారు. మొదట్లో ఆ పరీక్ష చేతిపని. గాజుగొట్టంలో పాలు, ఆసిడ్ పోసి, చేత్తో తిప్పే యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పితే వెన్న పైకి తేలి గీతల దగ్గర నిలిచేది. కమలాక్షి ఆ పని నేర్చుకుని కేంద్రంలో చేరింది. ఆసిడ్ చుక్కలు పడి ఆమె చీరలన్నింటికీ సన్నటి చిల్లులు ఉండేవి. "మా వదిన చీరలు జల్లెడలు" అని రమణ చెల్లెళ్ళు నవ్వేవాళ్ళు.

రెండువేల మూడులో ఊరికి కరెంటుతో నడిచే ఫ్యాట్ మిషన్ వచ్చింది. గొట్టంతో పాలు పీల్చుకుని ఎర్ర అంకెల్లో ఫ్యాట్ చూపించే మిషన్. దాన్ని బిగించడానికి మదనపల్లె నుంచి శివకుమార్ అనే సర్వీసు మనిషి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ బస్సు తప్పిపోతుందేమో అన్నట్టు తొందరగా మాట్లాడే మనిషి. మిషన్‌ను నేరుగా గోడకు తగిలించకుండా మధ్యలో తెల్లటి పొడుగు పెట్టె ఒకటి పెట్టాడు. దాన్ని స్పైక్ గార్డు అన్నాడు. దానికి రెండు లైట్లు. స్విచ్చిలో ఎర్రది, ఒక మూల చిన్న పచ్చది.

"ఎర్రలైటు కరెంటు వస్తాండాదని సెప్పేదానికి. పచ్చలైటు కాపలా ఉండాదని సెప్పేదానికి. అది ఎలిగినంతసేపూ మిషన్‌కు బయం లేదు. ఆరిపోతే నాకు సెప్పండి," అని శివకుమార్ అందరి ముందూ చెప్పి, నిజంగానే బస్సు తప్పిపోతోందని పరిగెత్తాడు.

అతను చెప్పింది అంతే. ఊరు విన్నది వేరు. మిషన్‌కు భయం లేదంటే మిషన్ ఎవరికీ భయపడదని, భయపడకపోతే నిజం చెబుతుందని, నిజం చెప్పినప్పుడే పచ్చలైటు వెలుగుతుందని మూడు మెట్లలో ఊరు ఒక సిద్ధాంతానికి వచ్చేసింది. పాలు పోయడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ముందు పచ్చలైటు వైపు చూసేవాళ్ళు. ఎల్లప్ప అయితే చెప్పులు విడిచి మరీ చూసేవాడు.

ఎల్లప్ప దగ్గర పుంగనూరు పొట్టి ఆవు ఒకటి ఉంది. నడుమెత్తు కూడా ఉండదు. ఇచ్చేది చిన్న చెంబెడు పాలు, కానీ ఫ్యాట్‌లో దాన్ని మించిన పశువు ఊళ్ళో లేదు. మిషన్ మీద ఆ అంకె పడ్డప్పుడు ఎల్లప్ప వెనక్కి తిరిగి వరుసలో ఉన్నవాళ్ళందరి మొహాలూ ఒకసారి చూసేవాడు. అది అయ్యాకే చెంబు తీసుకునేవాడు.

ఆ మరుసటి ఏడు మే నెల చివర్లో ఒక సాయంత్రం, పాలు పోయడం అయిపోయి కమలాక్షి బల్ల తుడుస్తుండగా సదుం కొండల వైపు నుంచి గాలివాన లేచింది. మామిడితోటల్లో కాయలు రాలుతున్న చప్పుడు రోడ్డు దాకా వినిపించింది. ఆమె తలుపు వేసుకుని ఇంటికి పరిగెత్తింది. మిషన్ ప్లగ్గు పీకాలని ఆమెకు అప్పట్లో తెలియదు. ఇంకా గడప దాటలేదు, ఊరి బయట కరెంటు లైను మీద కళ్ళు చీకట్లు కమ్మేలా మెరిసి, వెంటనే పెళ్ళున ఉరిమింది. దీపాలన్నీ పోయాయి.

పొద్దున కరెంటు వచ్చింది. కమలాక్షి కేంద్రం తెరిచి స్విచ్చి వేసింది. ఎర్రలైటు వెలిగింది. మిషన్ కూడా గుర్రుమని లేచి సున్నాలు చూపించింది. పచ్చలైటు మాత్రం వెలగలేదు.

ఆమె స్విచ్చి ఆపి మళ్ళీ వేసింది. పెట్టె మీద తట్టింది. కొంగుతో తుడిచింది. అంతలో వరుసలో మొదట నిలబడ్డ ఎల్లప్ప చెప్పులు విడిచి లోపలికి తొంగి చూశాడు.

"అమ్మా, పచ్చలైటు యాడ?"

"ఆరిపోయిందప్పా. మిషన్ ఆడతాండాది. పాలు పోయి."

ఎల్లప్ప పోశాడు. అంకె పడింది. రోజూ పడే దానికంటే కాస్త తక్కువ. ఎల్లప్ప అంకెను చూశాడు, ఆరిన లైటును చూశాడు, వెనక్కి తిరిగి వరుస వైపు చూశాడు. ఈసారి ఆ చూపు వేరు.

"మిషన్ బయపడిపోయింది!" అని కేక పెట్టాడు.

నిజానికి ముందురోజు జల్లుకు తోటగట్టు మీద లేతగడ్డి తడిసి మెత్తబడితే పొట్టి ఆవు కట్టు తెంపుకుని దాన్ని తృప్తిగా మేసింది. లేత పచ్చిగడ్డి ఎక్కువైతే వెన్న తగ్గుతుంది. ఈ సంగతి కమలాక్షి చెప్పబోయింది. వినేవాళ్ళు లేరు. చెంబులూ బిందెలూ తిరిగి చంకల్లోకి వెళ్ళాయి. పచ్చలైటు వెలిగేదాకా ఒక్క చుక్క కూడా పోసేది లేదన్నారు. కమలాక్షి పాత చేతిమిషన్ తీసి దుమ్ము దులిపి, ఎల్లప్ప పాలే గొట్టంలో పోసి తిప్పి చూపించింది. అదే లెక్క వచ్చింది.

"ఈ తిప్పే మిషన్‌కు అసలు లైటే లేదు కదమ్మా, దీన్ని ఎట్ల నమ్మేది?" అన్నాడు ఎల్లప్ప.

రమణ ఖాళీ వ్యానుతో నవ్వుతూ మదనపల్లెకు వెళ్ళిపోయాడు.

కమలాక్షి కిరాణా కొట్టు ఫోన్ నుంచి శివకుమార్‌కు చేసింది. అతను కుప్పం వైపు పల్లెల్లో పనిలో ఉన్నాడు. అక్కడా ఇదే గాలివాన, ఇవే మిషన్లు.

"మిషన్ బానే ఉందంటే మీ అదృష్టం," అన్నాడు. "ఆ గార్డు పని అయిపోయింది. కరెంటు దాంట్లో నుంచి వస్తానే ఉంటాది, కానీ కాపలా లేదు. మళ్ళా ఉరిమితే మిషన్ కాలిపోతాది. నేను కొత్తది తెచ్చేవరకూ మబ్బు కనపడితే ప్లగ్గు పీకేయండి. స్విచ్చి ఆపితే సాలదు, ప్లగ్గే పీకాల."

ఆమె ఆ మాట పట్టుకుని కేంద్రానికి తిరిగి వచ్చేసరికి వ్యవహారం చేయి దాటింది. పాలసంఘం ప్రెసిడెంటు లక్ష్మీపతి అప్పటికే బల్ల ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పెద్ద మడికట్లు, మామిడితోటలు ఉన్న మనిషి. ఏ సమస్యనైనా మధ్యాహ్నం భోజనం లోపల తీర్చేయాలన్నది ఆయన నియమం. తీరిందా లేదా అన్నది భోజనం తర్వాతి సంగతి. పెద్దపంజాణిలో రేడియోలు, టీవీలు బాగుచేసే మహేష్‌ను స్కూటర్ మీద అప్పటికే పిలిపించేశాడు.

మహేష్ గార్డు మూతలు విప్పాడు. లోపల బిస్కెట్టంత బిళ్ళలు నల్లగా మాడి, ఒకటి పగిలి ఉంది. మాడిన వాసన గదంతా వచ్చింది. జనం ముక్కులు మూసుకుని వెనక్కి తగ్గి, మళ్ళీ ముందుకు వచ్చారు.

"ఇవే అడ్డం పడి లైటు రానీకుండా చేస్తాండాయి," అని మహేష్ ఆ బిళ్ళలు కత్తిరించి కిటికీలోంచి పారేశాడు. తర్వాత పచ్చలైటు తీగలు పట్టుకుని ఎక్కడో కలిపాడు. మూతలు బిగించి ప్లగ్గు పెట్టగానే పచ్చలైటు వెలిగింది. మునుపటి కంటే కాంతిగా వెలిగింది.

ఆడవాళ్ళు అబ్బా అన్నారు. ఎవరో కర్పూరం వెలిగించారు. లక్ష్మీపతి లేచి నిలబడి, మహేష్ భుజం తట్టి, భోజనానికి వెళ్ళిపోయాడు. సాయంత్రం పాలు పోటెత్తాయి. ఎల్లప్ప ఆవు ఆ రోజంతా కట్టేసి ఉండి ఎండుగడ్డి తినడంతో ఒకటి రెండు రోజుల్లో దాని అంకె కూడా పాత చోటికి వచ్చింది. ఇంక ఎవరికీ ఏ అనుమానమూ లేదు, కమలాక్షికి తప్ప.

కేంద్రం మూసేటప్పుడు ఆమె గార్డు స్విచ్చి ఆపింది. ఎర్రలైటు ఆరింది. పచ్చలైటు ఆరలేదు. స్విచ్చి ఆపాక కూడా పచ్చగా చూస్తూనే ఉంది. ఆమె మర్నాడు లక్ష్మీపతిని పిలిచి చూపించింది.

"ఆపినా ఎలుగుతాండాది సూడండప్పా. ఇదేదో సరిగా లేదు."

లక్ష్మీపతి వంగి చూసి మురిసిపోయాడు. "ఆపినా నిద్రపోకుండా కాపలా కాస్తాండాదంటే, అంతకంటే మంచి గార్డు యాడుంటాదమ్మా? కంపెనీవాడు కూడా ఇట్ల చెయ్యలేకపోయినాడు."

కమలాక్షి వాదించలేదు. మబ్బు పట్టినప్పుడల్లా ప్లగ్గు పీకి, చేతిమిషన్ తిప్పింది. మబ్బు చెదిరాక మళ్ళీ పెట్టింది. ఆ వారంలో మబ్బులు చాలా పట్టాయి. ఆమె చీరలకు మళ్ళీ చిల్లులు పడ్డాయి.

శివకుమార్ చివరికి కొత్త గార్డు సంచిలో పెట్టుకుని దిగాడు. పాతదాన్ని చూస్తే పచ్చలైటు వెలుగుతోంది. ఆశ్చర్యపోయి స్విచ్చి ఆపాడు. ఇంకా వెలుగుతోంది. అతను ప్లగ్గు పీకి, మూతలు విప్పి, లోపల బిళ్ళలున్న చోట ఖాళీ చూశాడు. తర్వాత నెమ్మదిగా, మొట్టమొదటిసారి బస్సు సంగతి మర్చిపోయి మాట్లాడాడు.

"అమ్మా, ఈ పెట్టెలో కాపలావాళ్ళు ఆ బిళ్ళలే. కరెంటు మామూలుగా ఉన్నంతసేపూ అవి పక్కన ఊరికే ఉంటాయి. ఉరుము పడి ఒక్కసారిగా పొంగు వస్తే, ఆ పొంగును మిషన్‌లోకి పోనీకుండా పక్కకు మళ్ళిస్తాయి. మళ్ళించినప్పుడల్లా కొంచెం కొంచెం అరుగుతాయి. పెద్దది వస్తే కాలిపోతాయి. కాలిపోయినాయని సెప్పేదానికే పచ్చలైటు ఆరేది. బిళ్ళలు పోయినా కరెంటు దారి మాత్రం తెరిచే ఉంటాది, అందుకే మిషన్ ఆడింది. మహేష్ బిళ్ళల్ని పారేసి, లైటును మాత్రం నేరుగా కరెంటుకు కలిపేసినాడు."

"అంటే?" అంది కమలాక్షి.

"అంటే వాచ్‌మెన్ పోయినాడు, ఆయన టోపీ మాత్రం కుర్చీలో పెట్టినారు."

కిటికీ దగ్గర వింటున్న ఎల్లప్ప అడిగాడు. "అట్లయితే మా ఆవు ఫ్యాట్?"

"ఫ్యాట్‌కూ ఈ లైటుకూ సంబంధమే లేదప్పా! ఇది ఆరినా మిషన్ తప్పు సెప్పదు, ఎలిగినా ఎక్కువ సెప్పదు."

ఎల్లప్ప ఆ మాటను మర్యాదగా విన్నాడు. నమ్మలేదు.

కొత్త గార్డు పెట్టే ముందు శివకుమార్ ఇంకో పరీక్ష చేశాడు. రెండు తీగలున్న బల్బు ఒకటి తీసి, మామూలుగా కరెంటుకు కలిపాడు. భగ్గున వెలిగింది. తర్వాత ఒక తీగను తీసి ప్లగ్గుపాయింటులో పైనున్న పెద్ద రంధ్రానికి, అంటే ఎర్తుకు పెట్టాడు. బల్బులో తీగ మాత్రం బీడీ నిప్పులా ఎర్రబడి ఊరుకుంది.

"ఎర్తు లేదు," అన్నాడు. "ఉన్నా లేనట్టే. గార్డు పొంగును మళ్ళించేది ఎర్తు గుండా భూమిలోకే. భూమి తీసుకోకపోతే అది పాపం యాడికి తోస్తాది? అంతే కాదు. ఈ మిషన్ ఇనప డబ్బాకు లోపల కరెంటు తగిలితే, ఎర్తు మంచిగా ఉంటే ఫీజు ఎగిరిపోతాది. లేకపోతే ముట్టుకున్న మనిషి గుండా పోతాది. మీ చెయ్యి రోజంతా దీని మీదే కదమ్మా."

కమలాక్షి చేయి తీసి చీరకు తుడుచుకుంది.

గోడ వెంట పోయిన ఎర్తు తీగ వెనక్కి, గది వెనుక నేలలో పాతిన ఇనప గొట్టం దగ్గరకు చేరింది. అందరూ అటు నడిచారు. గొట్టం ఒక పక్కకు ఒరిగి ఉంది. తీగను బిగించిన పట్టీ తుప్పు పట్టి వదులుగా ఊగుతోంది. చుట్టూ మట్టి బూడిదలా పొడిగా ఉంది. గొట్టం మెడ చుట్టూ మాత్రం తాడు రాసుకుని నున్నగా మెరిసింది.

"ఈడ ఏదైనా కట్టేస్తాండారా?" అన్నాడు శివకుమార్.

"మా ఎనుము!" అంది రాములమ్మ. కేంద్రం వెనక గుడిసె ఆమెదే. ఎనుమంటే ఆ పక్కల గేదె. "గట్టి గుంజ ఉండాది కదాని మిషన్ వచ్చినకాడి నుంచి ఈడనే కట్టినా. మొన్న సంకురాత్రి దాటినాక వి.కోటలో మా బిడ్డ ఇంటికి తోలేసినా. ఎట్లాగూ పాలు తగ్గిచ్చింది. అప్పుడప్పుడూ ఉన్నట్టుండి ఉలిక్కిపడేది కూడా, ఏం తెగులో!"

శివకుమార్ మొహం పాలిపోయింది. తీగల్లో ఎక్కడో కొంచెం కారుతున్న కరెంటు ఆ గొట్టానికి వచ్చి గేదెను గిల్లి ఉంటుందని, మనిషికి తెలియనంత తక్కువైనా పశువుకు తెలుస్తుందని చెప్పాడు. తర్వాత నేలను చూసి తనలో తాను అనుకున్నట్టు పైకే అన్నాడు. "అయితే ఎనుము ఉన్నన్నాళ్ళూ ఈడ ఎప్పుడూ తడి ఉండి ఉంటాది. గోమూత్రం లాగా ఎనుము ఉచ్చలోనూ ఉప్పు ఉంటాది. తడి, ఉప్పు ఉంటే ఎర్తు బాగా పనిచేస్తాది. అది పోయినాక ఎండిపోయింది."

అతను ఆ మాట అనకుండా ఉండాల్సింది.

సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మిషన్‌ను ఇన్నాళ్ళూ కాపాడింది రాములమ్మ గేదె అట. గేదె వెళ్ళిపోయింది, ఎర్తు అలిగింది, పిడుగు పడింది. లక్ష్మీపతి సంఘం సభ్యులను కూర్చోబెట్టి, సదరు గేదెను సగౌరవంగా వెనక్కి పిలిపించాలని తీర్మానం చేయించాడు. తీర్మానంలో "సగౌరవంగా" అన్న మాట ఆయనే కలిపించాడు. మర్నాడు రమణ పాలు దించి వచ్చిన వ్యానుతో వి.కోటకు వెళ్ళి, రాములమ్మ కూతురితో కాస్త కొట్లాడి, గేదెను ఎక్కించుకుని వచ్చాడు. పాలవ్యాను మీద "స్వచ్ఛమైన పాలు" అన్న అక్షరాల పైన గేదె తల ఒక్కటే కనిపిస్తూ పుంగనూరు బజారు గుండా వస్తుంటే జనం ఆగి చూశారట. రమణ నవ్వుతూనే ఉన్నాడు.

ఊరి మొదట్లో పలక డప్పులు కొట్టారు. గేదె మెడలో బంతిపూల దండ వేశారు. గొట్టం దగ్గరకు నడిపించి రాములమ్మ తాడు ముడి వేయబోతుంటే, పట్టీ మార్చడానికి మళ్ళీ వచ్చిన శివకుమార్ మీటరు పెట్టె అక్కడ పడేసి పరిగెత్తుకొచ్చాడు.

"వద్దు వద్దు! కట్టొద్దండి!"

"నువ్వే కదప్పా సెప్పినావు?" అన్నాడు లక్ష్మీపతి.

"తడి కావాల అన్నా, ఎనుము కావాల అనలేదు! పొంగు వస్తే ఈ గొట్టం గుండానే భూమిలోకి దిగుతాది. దిగినప్పుడు సుట్టూ నేలలో పాకుతాది. ఎనుముకు నాలుగు కాళ్ళు, ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ. ముందు కాళ్ళ కింద ఒక రకం కరెంటు, వెనక కాళ్ళ కింద ఇంకో రకం. గుండె గుండా పోతాది. నిలబడినట్లే సచ్చిపోతాది."

పలకల మోత ఆగిపోయింది. రాములమ్మ గేదెను గబగబా వెనక్కి లాగి దాని మెడను కావలించుకుంది.

"అమ్మయ్యో! మర్యాదగా పిలిపించి సంపేస్తారా? నేను తీర్మానం పెట్టమన్నానా? బిడ్డ ఇంట్లో సుకంగా ఉండే దాన్ని పిలిపిచ్చినారు, ఇప్పుడు దీనికి గడ్డి ఎవరేస్తారు?"

ఈ ప్రశ్న మీద రెండు గంటలు చర్చ జరిగింది. ఎర్తు దగ్గర పనికిరాని గేదెను సంఘం పోషించాలా, లేక సంఘం పిలిచింది కాబట్టి ఏదో ఒక పని ఇవ్వాలా అన్నది తేలలేదు. దాన్ని దూరంగా కట్టేసి, అది పోసింది బకెట్లో పట్టి తెచ్చి గొట్టం దగ్గర పోద్దామని ఎల్లప్ప ఉపాయం చెప్పాడు. దాంతో ఎర్తు బాగానే పనిచేస్తుందని శివకుమార్ కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ బకెట్ ఎవరు పట్టాలన్న దగ్గర అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాలు కొలిచే చోట ఇది కూడా కొలవాలా అని ఎవరో అన్నారు. అందరి చూపులూ కమలాక్షి వైపు తిరిగాయి.

కమలాక్షికి తమిళం, తెలుగు రెండూ ఒకేసారి వచ్చాయి. ఆమె ఏమన్నదో ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు కానీ, ఆ ఉపాయం అక్కడితో పోయింది.

నోరు తిడుతున్నా ఆమె కళ్ళు మాత్రం నేల మీద ఉన్నాయి. రోజుకు రెండుసార్లు పాలక్యాన్లు చాకలిసోడాతో కడిగిన నీళ్ళు గది ముందు నుంచి రోడ్డు మీదికి పోయి బురదవుతున్నాయి. ఊళ్ళో తాగడానికే నీళ్ళు చాలవు, ఎర్తుకు ప్రత్యేకంగా బిందెడు పోయమంటే ఎవరూ పోయరు. ఈ నీళ్ళు ఎట్లాగూ పారబోసేవే.

"ఈ నీళ్ళు మళ్ళిస్తే?" అని అడిగింది.

శివకుమార్ రోడ్డు మీది బురద చూశాడు. "సోడా కలిసిన నీళ్ళయితే ఇంకా మంచిది," అన్నాడు.

ఆ సాయంత్రమే లక్ష్మీపతి మనుషులను పెట్టించి గొట్టం చుట్టూ లోతుగా తవ్వించాడు. శివకుమార్ కొత్త గొట్టం నిలబెట్టి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపించి, కొత్త తీగ, కొత్త పట్టీ బిగించాడు. క్యాన్ల నీళ్ళు పారేలా చిన్న కాలువ తీశారు. చుట్టూ ముళ్ళకంప వేశారు, ఎవరూ ఏ పశువునూ కట్టకుండా. బల్బు పరీక్ష మళ్ళీ చేస్తే ఈసారి ఎర్తు మీద కూడా నిండుగా వెలిగింది. కొత్త గార్డు పెట్టారు. పచ్చలైటు వెలిగింది, స్విచ్చి ఆపితే ఆరింది. కమలాక్షి మూడు నాలుగు సార్లు ఆపి వేసి చూసుకుంది.

"ఇది ఉండాది కదాని ధైర్యం వద్దమ్మా. దగ్గర్లో పిడుగు పడితే ఏ గార్డూ ఆపలేదు. మబ్బు పడితే ప్లగ్గు పీకడమే," అన్నాడు శివకుమార్. "రేపెప్పుడైనా పచ్చలైటు ఆరితే, ఒకవేళ లైటు ఒక్కటే పోయుండచ్చు. కానీ మనకు తెలీదు కాబట్టి కాపలా పోయిందనే అనుకోవాల."

పాత గార్డును విరగ్గొట్టి పారేద్దామని అతను చేయి చాపితే అప్పటికే లక్ష్మీపతి దాన్ని చంకలో పెట్టుకున్నాడు.

"పచ్చగా ఎలుగుతాండే దాన్ని పారేస్తారా? మా ఇంట్లో కొత్త కలర్ టీవీ ఉండాది."

"దాంట్లో ఏమీ లేదు సార్!"

"లేకపోతే మాత్రం ఏం, లైటు ఉండాదే."

కమలాక్షి, శివకుమార్ ఇద్దరూ ఎంత చెప్పినా ఆయన నవ్వి ఇంటికి పట్టుకుపోయాడు.

జూన్‌లో మళ్ళీ గాలివాన వచ్చింది. సదుం కొండల మీద మబ్బు నల్లబడగానే, పాలు పోసే వరుస ఇంకా సగం ఉండగానే కమలాక్షి ప్లగ్గు పీకి చేతిమిషన్ బల్ల మీద పెట్టింది. ఎల్లప్ప గొణిగాడు. ఆమె తిప్పుతూనే ఉంది. లక్ష్మీపతి ఇంట్లో మాత్రం ఇల్లంతా చేరి టీవీలో సీరియల్ చూస్తోంది. పచ్చలైటు టీవీ పక్కన నిశ్చింతగా వెలుగుతోంది. కోడలు ప్లగ్గు పీకుతానంటే ఆయన వద్దన్నాడు. "మన గార్డు ఆపినా నిద్రపోదు," అని చెబుతుండగా తోట చివర మెరిసి ఉరిమింది. టీవీలో అత్త కోడలిని తిట్టబోయి ఒక్కసారిగా తెల్లటి చుక్కగా మారి మాయమైంది. వెనక నుంచి సన్నగా పొగ లేచింది.

కాసేపటికి కరెంటు తిరిగి వచ్చింది. టీవీ రాలేదు. పచ్చలైటు మాత్రం వచ్చింది. పొగ వచ్చిన టీవీ పక్కన, ఏమీ జరగనట్టు, అంతే పచ్చగా.

శివకుమార్ తర్వాత వచ్చి చూశాడు. అతను నిజాయితీపరుడు కావడంతో, పొంగు కరెంటు తీగ గుండానే రాకపోయి ఉండవచ్చని, డాబా మీది యాంటెన్నా తీగ గుండా కూడా వచ్చి ఉండవచ్చని చెప్పాడు. మంచి గార్డు ఉన్నా యాంటెన్నా వైపు నుంచి వచ్చేదాన్ని ఆపదన్నాడు.

లక్ష్మీపతి మొహం విప్పారింది. "సూసినావా? గార్డుది ఏం తప్పు లేదు!"

ఆ గార్డు ఆయన ఇంట్లో చాలా ఏళ్ళు వెలిగిందని చెబుతారు. దానికి ఏమీ తగిలించేవాళ్ళు కాదట. ఊరికే వెలిగేది.

రాములమ్మ గేదె ఊళ్ళోనే ఉండిపోయింది. గుడిసె అవతలి పక్కన, కర్రగుంజకు. ఉలిక్కిపడటం మానేసింది. తర్వాత ఈనింది, పాలు కూడా పెరిగాయి. సంఘం తీర్మానం వల్లే పెరిగాయని లక్ష్మీపతి ఎవరైనా దొరికితే చెప్పేవాడు.

కమలాక్షి పేరు మాత్రం చుట్టుపక్కల పాలకేంద్రాలకు పాకింది. మబ్బు పట్టినప్పుడు ఆమె కేంద్రం తలుపు సగం మూయడం చూస్తే చాలు, ఊళ్ళో ఆడవాళ్ళు ఇళ్ళలో మిక్సీల ప్లగ్గులు పీకేవాళ్ళు. మొదట్లో ఆమెకు నవ్వు వచ్చేది. తర్వాత బాధ్యతగా అనిపించింది. ఊరికే తలుపు మూస్తే అందరూ పరిగెడతారని, మబ్బు లేనప్పుడు తలుపు మెల్లగా మూయడం నేర్చుకుంది. కొన్నేళ్ళకు పాలసంఘాల వాళ్ళు ఆమెను వేరే ఊళ్ళకు పంపడం మొదలుపెట్టారు. కొత్తగా మిషన్ పెట్టిన చోటల్లా వెళ్ళి, ఆపరేటర్లకు నేర్పి రావాలి. రమణ వ్యాను ముందు సీట్లో కూర్చుని సంచిలో పరీక్ష బల్బు పెట్టుకుని వెళ్ళేది.

అట్లా ఒకసారి పెద్దపంజాణి పక్కన ఒక ఊరికి వెళ్ళింది. మిషన్ చూసింది, గార్డు చూసింది, అన్నీ బాగున్నాయి. ఎర్తు ఎక్కడ కొట్టారని అడిగింది. ఆపరేటరుగా పెట్టిన అమ్మాయి నీలిమ ఆమెను ఎంతో గౌరవంగా గది వెనక్కి తీసుకెళ్ళింది.

అక్కడ ఎర్తు గొట్టానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. పైన చిన్న తాటాకు పందిరి. ముందు ముగ్గు. పక్కన రాగిచెంబు.

"మీ ఊరి కత విన్నామమ్మా," అంది నీలిమ. "ఎర్తమ్మ అలిగితే మిషన్ కాలిపోతాదని. అందుకే రోజూ పొద్దునా సాయంత్రం ఉప్పునీళ్ళతో అభిషేకం చేస్తాండాం. మా ఊర్లో ఒక్కరోజు కూడా తప్పలేదు."

కమలాక్షి నోరు తెరిచింది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. గొట్టం చుట్టూ మట్టిని చేత్తో తాకి చూసింది. చల్లగా, తడిగా ఉంది. పట్టీ పట్టుకుని కదిపింది. కదలలేదు. లోపలికి వెళ్ళి బల్బు పెట్టి చూసింది. తాను చూసిన ఎర్తులన్నింటిలోకీ ఆ ఊరి బల్బే అన్నింటికన్నా బాగా వెలిగింది.

ఆమె నోరు మూసుకుంది. బల్బు సంచిలో పెట్టుకుంది. వ్యాను ఎక్కబోతూ ఆగి వెనక్కి తిరిగి, ఆ అమ్మాయికి ఒక్క మాట చెప్పింది.

"మబ్బు పట్టినప్పుడు మాత్రం అభిషేకం వద్దమ్మా. ఆ రోజుకు ఎర్తమ్మ దగ్గరికి ఎవురూ పోవద్దు."

"ఎందుకమ్మా, కోపంగా ఉంటాదా?"

కమలాక్షి కాసేపు ఆలోచించింది.

"అవును," అంది.